నాన్నకి చెప్పకండి, డాక్టర్ గారూ

కన్సల్టేషన్ అయిపోయి పెద్దాయన్ని వీల్‌చెయిర్‌లో బయటికి తీసుకెళ్ళాక తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. ఈసారి కొడుకు ఒక్కడే వస్తాడు. బీపీ మాత్రల గురించి అడగడం మర్చిపోయానని బయట ఏదో వంక చెప్పి వచ్చుంటాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అసలు మాట అంటాడు. "నాన్నకి చెప్పకండి, డాక్టర్ గారూ. తట్టుకోలేరు."

క్యాన్సర్ వైద్యం చేసే డాక్టర్లకి ఈ మాట అలవాటే. ఆ మాట అన్న కొడుకు చెడ్డవాడు కాడు. గంట క్రితమే స్కాన్ రిపోర్టు చూసి, మెట్ల కింద నిలబడి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చినవాడు. తండ్రికి నొప్పి తగలకుండా అడ్డం నిలబడాలనుకుంటున్నాడు. ఇంతకాలం నాన్న తనకోసం చేసింది అదే కదా. ఈ అభ్యర్థన వెనక ఉన్న ప్రేమను గుర్తించకుండా తప్పొప్పులు తేల్చబోయిన వాళ్ళెవరూ మన ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళు కారు. అయితే ఆ ప్రేమ తలుపుకి అవతల ఉన్న మనిషిని ఎక్కడికి తీసుకెళుతుందో కూడా చూడాలి. అందుకు ఒక మాస్టారి కథ చెబుతాను. ఈయన ఒక్క మనిషి కాదు, ఇలాంటి ఇళ్ళల్లో జరిగే సంగతులు కలిపి అల్లిన మనిషి. జబ్బు, వైద్యం, చట్టం గురించి చెప్పేవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మాస్టారికి 74 ఏళ్ళు. కోనసీమలో ఒక ఊరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వినాయక చవితి నాటికి కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం ముదురు రంగులోకి మారింది, విరేచనం మాత్రం తెల్లటి బంకమట్టిలా అవుతోంది. ఒళ్ళంతా దురద. నొప్పి లేదు, జ్వరం లేదు. ఈ వయసులో నొప్పి లేకుండా వచ్చే పచ్చకామెర్లని చూస్తే డాక్టర్లు ముందు భయపడేది క్లోమం గురించే. పొట్ట వెనక అడ్డంగా ఉండే ఆ గ్రంథి తల భాగంలో గడ్డ పెరిగితే, పక్కనే వెళ్ళే పైత్యనాళాన్ని నొక్కేస్తుంది. పైత్యరసం పేగులోకి దిగే దారి లేక రక్తంలోకి ఎక్కుతుంది. రాజమండ్రిలో తీసిన సీటీ స్కాన్‌లో ఆ గడ్డా కనిపించింది, లివర్‌లో దాని మచ్చలూ కనిపించాయి. విశాఖలో బయాప్సీ కూడా అదే చెప్పింది. ఆ దశలో ఆపరేషన్‌తో తీసెయ్యడానికి ఉండదు. చికిత్స చేసినా ఏడాది దాటేవాళ్ళు తక్కువ.

ఇంట్లో వాళ్ళు మాస్టారికి చెప్పింది "కామెర్లు" అని. పచ్చి అబద్ధమేమీ కాదు కదా, కామెర్లు ఉన్నాయి కదా అనుకున్నారు. మూసుకుపోయిన నాళంలో స్టెంట్ వెయ్యాలి. నోట్లోంచి గొట్టం పంపి లోపల ఒక సన్నటి పైపు అమరుస్తారు. కామెర్లు తగ్గడానికి పైపు వేస్తున్నారని ఆయనకి చెప్పి, కాగితం మీద కొడుకు సంతకం పెట్టాడు. రెండు వారాల్లో పచ్చదనం తగ్గింది, దురద పోయింది. అబద్ధం పనిచేసినట్టే కనిపించింది.

తర్వాత జరిగింది చూడండి. కామెర్లంటే మన పల్లెల్లో ఏం చేస్తారో మాస్టారికి చిన్నప్పటినుంచీ తెలుసు. పత్యం. ఉప్పు తగ్గించాలి, నూనె ముట్టకూడదు, పప్పు వద్దు, పెరుగు పలచటి మజ్జిగ చేసుకోవాలి. క్రమశిక్షణ గల మనిషి, తు.చ. తప్పకుండా పాటించారు. అప్పటికే ఆకలి చచ్చి నెలకి నాలుగైదు కిలోలు తగ్గుతున్న ఒంటికి ఈ పత్యం తోడైంది. డాక్టర్ రాసిచ్చిన ఎంజైమ్ క్యాప్సూల్స్ భోజనంతో వేసుకుంటే తిన్నది కొంతైనా ఒంటబట్టేది. "కామెర్లు తగ్గాయిగా, ఇంకా ఇవెందుకు?" అని పక్కన పెట్టారు. పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి వరుసగా మూడు ఆదివారాలు వెళ్ళొచ్చారు. వద్దనడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి.

అంతలో నొప్పి మొదలైంది. పై పొట్టలో మొదలై వెన్నులోకి పొడుచుకుపోయే నొప్పి. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. క్లోమానికి వెనకే ఉన్న నరాల గుంపుని గడ్డ తాకినప్పుడు ఇలా ఉంటుంది. దీనికి మార్ఫిన్ బిళ్ళలున్నాయి. చిన్న మోతాదుతో మొదలుపెట్టి నాలుగు గంటలకోసారి వేసుకుంటూ, మలబద్ధకం రాకుండా విరేచనాల మందు కూడా కలిపి ఇస్తారు. మాస్టారు ఒక్కటి వేసుకుని ఆపేశారు. నొప్పి బిళ్ళలు కిడ్నీలు పాడుచేస్తాయని ఆయన ఎక్కడో చదివారు. కామెర్ల తర్వాత వచ్చిన గ్యాస్ నొప్పికి ఇంత గట్టి మందు దేనికి? ఆయన తర్కంలో ఎక్కడా తప్పు లేదు. లెక్కల మాస్టారు, ఇచ్చిన దత్తాంశాలతో సరిగ్గానే సాధించారు. దత్తాంశాలే తప్పు.

చెబితే నాన్న బాధపడతారు, చెప్పకపోతే బాధపడరు అని కొడుకు వేసుకున్న లెక్క ఇక్కడే తప్పింది. చెప్పకపోవడం వల్ల ఆయన రాత్రంతా దిండు పొట్టకి అదుముకుని మంచం మీద వంగి కూర్చున్నారు.

దాచిపెట్టడం మన ఇళ్ళల్లో మాత్రమే పుట్టిన అలవాటని అనుకోవద్దు. గ్రీకు వైద్యుడు హిపొక్రటీస్ పేరు మీద వచ్చిన గ్రంథాల్లో ఒకటి, రోగి దగ్గర చాలా విషయాలు దాచమనే వైద్యుడికి సలహా ఇస్తుంది. అమెరికాలో కూడా మొన్నమొన్నటిదాకా అంతే. 1961లో డోనాల్డ్ ఓకెన్ అనే వైద్యుడు షికాగోలోని ఒక ఆసుపత్రిలో తోటి డాక్టర్లని అడిగితే, నూటికి 90 మంది దాకా క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే తమ పద్ధతి అన్నారు. అనుభవంతో నేర్చుకున్న పద్ధతి అన్నారు. ఆ జవాబుల్ని తరచి చూసిన ఓకెన్‌కి అనుభవం కన్నా వాళ్ళ సొంత భయాలే ఎక్కువ కనిపించాయి. అదే ప్రశ్నావళితో 1979లో ఇంకో బృందం అడిగేసరికి 97 శాతం మంది చెప్పడమే మా పద్ధతి అన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఒక వృత్తి మొత్తం అటునుంచి ఇటు తిరిగింది. ఈలోగా క్యాన్సర్‌కి చికిత్సలు వచ్చాయి, చికిత్సకి రోగి ఒప్పుకోవాలంటే జబ్బేమిటో తెలియాలి కదా అన్న ప్రశ్న వచ్చింది, రోగుల హక్కుల కోసం కోర్టులు మాట్లాడాయి.

రోగి మేలు తనకన్నా మాకే బాగా తెలుసని ఆయన తరఫున నిర్ణయించడం ఒక ధోరణి. తన ఒంటి మీద, తన మిగిలిన రోజుల మీద నిర్ణయం తనదేనన్నది ఇంకో ధోరణి. మొదటిది తండ్రి బిడ్డకి చేసే పెద్దరికం లాంటిది. మన దగ్గర అది తిరగబడింది, బిడ్డలు తండ్రికి చేస్తున్నారు. ఆ తండ్రి నిన్నటిదాకా ఇంటి పెద్ద. కూతురి పెళ్ళికి, పొలం అమ్మకానికి ఆఖరి మాట ఆయనది. రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆయన ముందే ఆయన గురించి సైగలతో మాట్లాడుకుంటున్నారు. జబ్బు అమ్మదైతే పరిస్థితి ఇంకా అన్యాయం. ఆవిడని బయటికి పంపాల్సిన అవసరం కూడా ఎవరికీ తోచదు. పక్కనే కూర్చున్నా మాటలన్నీ భర్తతోనో కొడుకుతోనో నడిచిపోతాయి.

ఇంతకీ మాస్టారికి తెలియదా?

1965లో బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ మధ్య గడిపి ఒక పుస్తకం రాశారు. అందరికీ తెలిసి రోగికి మాత్రం తెలియని స్థితి ఎక్కువకాలం నిలవదని అందులో చూపించారు. ముందు రోగికి అనుమానం వస్తుంది. చిన్నచిన్న ప్రశ్నలు వేసి ఎదుటివాళ్ళ ముఖాలు చదువుతాడు. ఆ తర్వాత వచ్చే దశ నన్ను అన్నిటికన్నా కలిచివేస్తుంది. ఆయనకి తెలుసు, వీళ్ళకీ తెలుసు, ఆయనకి తెలుసని వీళ్ళకి తెలుసు, అయినా ఎవరికి వారు ఏమీ తెలియనట్టు నటిస్తారు. వీళ్ళని బాధపెట్టకూడదని ఆయన, ఆయన్ని బాధపెట్టకూడదని వీళ్ళు. ఒకే గదిలో, ఒకే బాధతో, ఒకరికొకరు తోడు లేకుండా ఉంటారు. పాలియేటివ్ కేర్‌లో, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యంలో, పనిచేసేవాళ్ళు రోజూ చూసే స్థితి ఇది.

ముసలివాళ్ళకి ఎలా తెలుస్తుందని అడక్కండి. ఆసుపత్రి బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. పక్క మంచం మీద ఆయన జుట్టు రాలిపోయి ఉంటుంది. ఫైలు ఇంతకుముందు బల్ల మీద ఉండేది, ఇప్పుడు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. పదేళ్ళుగా మాటల్లేని తమ్ముడు బొంబాయి నుంచి దిగుతాడు. అడక్కుండానే బిడ్డలు కాళ్ళు పడతారు. అన్నిటికన్నా ముందు, తన ఒళ్ళు తనకి చెబుతుంది. పంచె రోజురోజుకీ ఇంకో చుట్టు తిరుగుతోంది కదా.

అలాగని నిజం తీసుకొచ్చి ముఖాన కొట్టమని నేను అనడం లేదు. ఆ పొరపాటూ జరుగుతుంది, జరిగినప్పుడు దాచడం కన్నా ఘోరంగా ఉంటుంది. వరండాలో నిలబడి, ఫైలు తిరగేస్తూ, "ఫోర్త్ స్టేజ్, ఆరు నెలలు" అని వెళ్ళిపోయే డాక్టర్ని చూసినవాళ్ళు, ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పొద్దనే అంటారు. తెలుసుకునే హక్కుంది కాబట్టి ప్రతివాడూ అన్నీ వినితీరాలనడం కూడా రోగి తరఫున ఇంకొకరు నిర్ణయించడమే.

అందరూ తెలుసుకోవాలనుకోరు కూడా. 1995లో లాస్ ఏంజెలెస్‌లో 65 ఏళ్ళు దాటిన 800 మందితో ఒక అధ్యయనం చేశారు. నాలుగు జాతులవాళ్ళు, ఒక్కో జాతికి 200 మంది. శరీరంలో పాకిపోయిన క్యాన్సర్ ఉంటే రోగికి చెప్పాలా అని అడిగితే, ఐరోపా మూలాలున్న వృద్ధుల్లో 87 శాతం చెప్పాలన్నారు. కొరియా మూలాలవాళ్ళలో 47 శాతమే అలా అన్నారు. కుటుంబమే నిర్ణయించాలన్న మాట అక్కడి కొరియా వృద్ధుల్లో గట్టిగా వినిపించింది. ఈ లెక్క చూపించి, "చూశారా, మన ఆసియా పద్ధతి వేరు" అనేవాళ్ళున్నారు. నాకు దానిలో ఇంకోటి కనిపిస్తుంది. ఆ 47 శాతం సంగతేమిటి? అంత కుటుంబ కట్టుబాటు ఉన్నచోట కూడా దాదాపు సగం మంది ముసలివాళ్ళు చెప్పాలనే అన్నారు. మీ నాన్న ఏ సగంలో ఉన్నారో ఆయన జాతిని బట్టి, వయసుని బట్టి మీరు తేల్చలేరు. ఆయన్ని అడగాలి.

అడగడం అనే ఈ చిన్న పనిని ఒక పద్ధతిగా రాసినవాడు కెనడాకి చెందిన బెంజమిన్ ఫ్రీడ్‌మన్ అనే వైద్యనీతి పండితుడు. 1993లో రాసిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇంతే. నిజం చెప్పడమా, దాచడమా అన్న తగువు వదిలెయ్యండి. నిజాన్ని రోగి ముందు పెట్టి, కావాలా అని అడగండి. ఎంత కావాలో, ఎవరి ద్వారా కావాలో ఆయన్నే చెప్పనివ్వండి. వద్దంటే ఆ మాటకి విలువివ్వండి. మన పెళ్ళిళ్ళలో వడ్డించేవాడు చేసేది కూడా అదే కదా, గరిటె విస్తరి మీదికి తెచ్చి ఆగుతాడు.

మళ్ళీ మాస్టారి దగ్గరికి వద్దాం. నొప్పి ఆగక మళ్ళీ విశాఖ తీసుకొచ్చారు. ఈసారి చూసింది పాలియేటివ్ కేర్ డాక్టరమ్మ. కొడుకు యథాప్రకారం ఒక్కడే లోపలికి వచ్చి ఆ మాట అన్నాడు. ఆవిడ కాదనలేదు, అవుననలేదు. కూర్చోమంది.

"చెబితే ఏమవుతుందని మీ భయం?"

"ధైర్యం చెడిపోతారండి. అన్నం మానేస్తారు. మా పెదనాన్న అలాగే..." అని ఆగిపోయాడు. పెదనాన్నకి ఇరవై ఏళ్ళ క్రితం క్యాన్సరని చెబితే పదిరోజుల్లో పోయారట. చెప్పినందువల్లే పోయారని ఇంట్లో అందరి నమ్మకం. ఆవిడ ఆ కథ మొత్తం విన్నది. కుటుంబం వద్దన్నప్పుడు అక్కడ ఏదో ఒక చావు జ్ఞాపకం ఉంటుంది, దాన్ని విననివాడు ముందుకి పోలేడు.

అప్పుడు అడిగింది. "నాన్నగారు మిమ్మల్ని ఏమైనా అడిగారా?"

చాలాసేపటికి చెప్పాడు. అడిగారు, మొన్న రాత్రి. కామెర్లు తగ్గాక ఈ నొప్పేమిట్రా అన్నారు. గ్యాస్ అని చెప్పి బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు.

"చూడండి బాబూ, నా అంతట నేను వెళ్ళి ఏదీ చెప్పను. ఆయనకేం తెలుసో, ఇంకా ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో అడుగుతాను. వద్దంటే అక్కడితో ఆపేస్తాను. కానీ ఆయన సూటిగా అడిగితే నేను అబద్ధం ఆడలేను. రేపు నొప్పికి ఈ మందు వేసుకోండి అంటే ఆయన నన్ను నమ్మాలి. మీరూ పక్కనే కూర్చోండి."

ఇలా ఒప్పించడానికి ఒక్కోసారి ఒక్క మాట సరిపోతుంది, ఒక్కోసారి మూడు నాలుగు సార్లు కూర్చోవాలి. కొడుకు ఒప్పుకున్నాక అమెరికాలో ఉన్న కూతురు ఫోన్లో ఒప్పుకోదు. దూరంగా ఉన్నవాళ్ళకి భయం ఎక్కువ, నేను లేనప్పుడు చెప్పేస్తారేమోనని. మాస్టారి కూతురు డాలస్‌లో ఉంటుంది. ఆ అమ్మాయితో డాక్టరమ్మ వీడియోలో ఇరవై నిమిషాలు మాట్లాడాల్సి వచ్చింది. మందు రాయడానికి పట్టేది అందులో పదో వంతు. ఓపీ బయట వందమంది ఉన్నచోట ఈ ఇరవై నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయన్నది మన ఆసుపత్రులు జవాబు చెప్పాల్సిన ప్రశ్న. దాచడంలో సగం ప్రేమవల్ల జరిగితే, సగం ఈ టైము లేకపోవడంవల్ల జరుగుతోందని నా నమ్మకం.

చేదు వార్త చెప్పడానికి వైద్యులు నేర్చుకునే ఆరు మెట్ల పద్ధతి ఒకటుంది, 2000లో క్యాన్సర్ వైద్యులు కొందరు రాసింది. అందులో అసలు విషయం చెప్పేది నాలుగో మెట్టు మీద. ముందు మూడు మెట్లూ కూర్చోడానికి, వినడానికి, అడగడానికే. డాక్టరమ్మ ఫ్యాను తగ్గించి, మాస్టారి కుడి చెవి వైపుకి కుర్చీ జరుపుకుంది. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. వృద్ధుల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. వినపడనిదాన్ని అర్థంకానిదిగా తీసుకుని, ఆయనకి చెప్పినా ఒకటే అనేస్తారు.

"మాస్టారూ, మీ ఒంట్లో ఏం జరుగుతోందని మీరనుకుంటున్నారు?"

"కామెర్లంటున్నారు."

"వాళ్ళ మాట సరే. మీరేమనుకుంటున్నారు?"

మాస్టారు కొడుకు వైపు చూశారు. "కామెర్లకి మా తమ్ముడు బొంబాయి నుంచి రాడు కదమ్మా."

"కొందరికి అన్నీ వివరంగా తెలియాలని ఉంటుంది. కొందరు, అవన్నీ నాకెందుకు, మా అబ్బాయితో మాట్లాడండి అంటారు. ఏదైనా ఫరవాలేదు. మీకెలా కావాలి?"

"నాకే చెప్పండి. వాడు ఒక్కడూ ఎన్నాళ్ళు మోస్తాడు."

ఆవిడ గొంతు మార్చలేదు. "రిపోర్టులు మనం కోరుకున్నట్టు లేవండి" అని ఆగింది. వినబోయేదానికి మనిషి కాళ్ళు నిలదొక్కుకోడానికి ఆ ఆగడం. ఆయన తలూపాక చెప్పింది. క్లోమంలో గడ్డ ఉంది, అది క్యాన్సర్, లివర్‌కి కూడా చేరింది, పూర్తిగా పోగొట్టే వైద్యం లేదు. నొప్పికి వైద్యం ఉంది, అది ఈ రోజే మొదలుపెడదాం. అంతే, కొద్ది వాక్యాలు. ఆ తర్వాత ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కొత్త డాక్టర్లకి అన్నిటికన్నా కష్టంగా ఉండేది ఇదేనట, ఆ నిశ్శబ్దాన్ని మాటలతో పూడ్చకుండా కూర్చోవడం. కొడుకు ఏడుస్తున్నాడు. మాస్టారు చెయ్యి చాపి వాడి వీపు మీద వేశారు.

"ఎన్నాళ్ళు?" అని అడిగారు కాసేపటికి.

ఈ ప్రశ్నకి అంకె చెప్పకపోవడం దాచడం కాదు. షికాగోలో 2000లో క్రిస్టాకిస్, లామాంట్ అనే ఇద్దరు చేసిన అధ్యయనంలో, చివరి దశలో ఉన్న 468 మంది గురించి డాక్టర్లు వేసిన అంచనాల్లో అయిదో వంతే దాదాపు సరిపోయాయి. ఎక్కువ అంచనాలు ఉన్నకాలం కన్నా ఎక్కువ చెప్పినవే. డాక్టర్‌కీ ఆశ ఉంటుంది. అందుకని డాక్టరమ్మ ఎదురు ప్రశ్న వేసింది. "ఏ పని గుర్తు పెట్టుకుని అడుగుతున్నారు?"

"సంక్రాంతికి అమ్మాయి, మనవరాలు వస్తామంటున్నారు."

అప్పటికి దసరా వెళ్ళి వారం. "కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. నెలల మాటే గానీ ఏళ్ళ మాట కాదు. సంక్రాంతి దాకా ఆగకుండా కార్తీకంలోనే రమ్మంటే మంచిదని నాకనిపిస్తోంది."

డాలస్ అమ్మాయి పండక్కి కొన్న టిక్కెట్లు అబద్ధాన్ని నమ్మి కొన్నవి కావు, ఆమెకి జబ్బు సంగతి తెలుసు. కానీ ముందే వస్తే నాన్నకి అనుమానం వస్తుందని సంక్రాంతి దాకా ఆగింది. దాచడానికి అయ్యే ఖర్చు ఇలా కూడా ఉంటుంది.

చట్టం ఏమంటుందో కొంత తెలుసుకోవడం మంచిది. 2002 నాటి మన వైద్య మండలి నియమావళి, జబ్బు తీవ్రతని పెంచి గానీ తగ్గించి గానీ చెప్పకూడదంటుంది. అదే వాక్యం కిందే, పరిస్థితి రోగికి, లేదా బంధువులకి, లేదా బాధ్యత గల స్నేహితులకి తెలిసి ఉండేలా చూసుకోమంటుంది. ఆ "లేదా"ల సందులోనే మన దాపరికమంతా కాపురం చేస్తోంది. చికిత్సకి ఒప్పుకోలు విషయంలో మాత్రం సందు లేదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మత్తులో ఉన్న మహిళకి ఆమె తల్లి సంతకంతో పెద్ద ఆపరేషన్ చేశారు. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం కానప్పుడు, తెలివిలో ఉండి నిర్ణయించుకోగల వయోజనురాలి బదులు తల్లి ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. ఆ లెక్కన మాస్టారి స్టెంట్ కాగితం మీద ఉండాల్సిన సంతకం మాస్టారిది. రేపు వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్న తన కోరికని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని 2018లో అదే కోర్టు తీర్పిచ్చింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చేస్తే చాలు. జబ్బేమిటో తెలియనివాడు ఆ కాగితం రాయగలడా?

ఒక్క హెచ్చరిక. తర్వాత చెబుదాంలే అని వాయిదా వేసేవాళ్ళకి ఆ "తర్వాత" ఎప్పుడూ ఉంటుందని భరోసా లేదు. స్టెంట్ మళ్ళీ మూసుకుపోవచ్చు, ప్లాస్టిక్‌దైతే మూడు నెలలకే. లివర్ దెబ్బతిన్నాక మగత వస్తుంది, పగలు రాత్రి తేడా తెలియదు, మాట తడబడుతుంది. అప్పుడు అడగడానికి ఎదురుగా మనిషి ఉంటారు గానీ జవాబు చెప్పే తెలివి ఉండదు. మతిమరుపు జబ్బు ముదిరిన వృద్ధుల దగ్గరా ఇదే చిక్కు. చెప్పింది రేపటికి గుర్తుండదు, ప్రతిసారీ కొత్తగా వినాల్సి వస్తుంది. అలాంటి చోట కుటుంబమే నిర్ణయించాలి. ఒకప్పుడు ఆయనే అయితే ఏమనేవారో గుర్తు చేసుకుని నిర్ణయించాలి. వద్దని తన నోటితో చెప్పినవాళ్ళ సంగతి వేరు. "మీకూ మా అబ్బాయికీ ఏది మంచిదనిపిస్తే అది చెయ్యండి" అన్న తల్లి ఓడిపోయినట్టు కాదు, తన నిర్ణయం తను చెప్పింది. ఆ మాట ఆవిడ చెప్పాలి, ఆవిడ బదులు ఇంకొకరు అనుకోకూడదు. వారం పోయాక మళ్ళీ ఒకసారి అడగాలి కూడా. మనసు మారుతుంది.

పెద్దవాళ్ళు తట్టుకోలేరన్న మాట విన్నప్పుడల్లా నాకు అక్కినేని నాగేశ్వరరావు గుర్తొస్తారు. 1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం'లో క్యాన్సర్‌ని ప్రేమించిన అమ్మాయి దగ్గర దాచిపెట్టే పాత్ర ఆయనది. ఆ త్యాగానికి తెలుగునాడంతా కన్నీళ్ళు పెట్టుకుంది. నిజజీవితంలో 2013 అక్టోబరులో, 89 ఏళ్ళ వయసులో, తనకి క్యాన్సరని ఆయనే విలేకరుల్ని పిలిచి చెప్పారు. అప్పటికి 'మనం' పని నడుస్తోంది. దాన్లో తన వంతు పూర్తిచేసి 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మేలో విడుదలైంది. అందరూ నాగేశ్వరరావులు కాలేరనవచ్చు. తెలిసినందువల్లే ఆయన ఆ నెలల్ని తనకిష్టమైన పనికి కేటాయించుకోగలిగారన్నది మాత్రం ఎవరికైనా వర్తిస్తుంది.

మాస్టారు నాలుగు రోజులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. రెండు పూటలు అన్నం సగంలో లేచిపోయారు. కొడుకు భయపడ్డది జరిగిందనే అనుకున్నాడు. డాక్టరమ్మ ఇది వస్తుందని ముందే చెప్పింది, దుఃఖానికి టైమివ్వమంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పూర్తిగా పోతే, చచ్చిపోతే బాగుండునని పదేపదే అంటుంటే తీసుకురమ్మంది. అప్పుడది దుఃఖం కాదు, దానికి మందులున్నాయి.

అయిదో రోజు ఆయన మార్ఫిన్ బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో పాత డైరీలో గీతలు గీసి పట్టిక వేసుకున్నారు. పత్యం వదిలేసి ఆవకాయ అడిగారు. కామెర్లప్పుడు వాయిదా వేసిన కౌలు లెక్క తేల్చారు. కార్తీకంలో కూతురు వచ్చింది. తండ్రీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఎవరూ అడగలేదు.

ఆయన పట్టుబట్టి చేయించిన పని ఇంకోటుంది. తను పోయాక భార్యకి ఫ్యామిలీ పెన్షన్ రావాలి. పెన్షన్ కాగితాల్లో ఆవిడ పేరు ఒకలాగా, ఆధార్‌లో ఇంకోలాగా ఉంది, ఒక్క అక్షరం తేడా. అది దిద్దకపోతే ఆవిడ ట్రెజరీ చుట్టూ ఎన్ని నెలలు తిరగాలో ఉపాధ్యాయ సంఘంలో పనిచేసిన ఆయనకి తెలుసు. ఒక పొద్దున్నే బిళ్ళ వేసుకుని, అరగంట ఆగి, ఇద్దరూ ఆటోలో ఆధార్ సెంటర్‌కి వెళ్ళారు. ఆయన బెంచీ మీద ముందుకి వంగి కూర్చున్నారు. అంట్లు తోమి తోమి అరిగిన ఆవిడ వేలిముద్రలు మిషన్ మీద పడలేదు. తుడిచి మళ్ళీ పెట్టమన్నారు. మాస్టారు లేచి వెళ్ళి, తన పై కండువాతో ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే తుడిచారు. నాలుగోసారికి పడ్డాయి.